అరవై యూనిట్ల కోసం కూర్చున్న మనిషి

మా ఆఫీసులో అతన్ని అందరూ పిల్లి అనేవాళ్ళు. అడుగుల చప్పుడు వినపడదని కాదు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడని. మొదట్లో మొత్తం పేరు పెట్టే పిలిచేవాళ్ళు. తర్వాత కాలు సంగతి పోయి పిల్లి మాత్రం మిగిలింది. అతనూ ఏమీ అనుకోలేదు. ఫోనెత్తి "పిల్లిని మాట్లాడుతున్నా, చెప్పండి" అనేవాడు. అవతల కొత్తవాళ్ళెవరైనా ఉంటే కంగారుపడి పెట్టేసేవాళ్ళు.

సాఫ్ట్‌వేర్ పరీక్షించడం అతని పని. మిగతావాళ్ళు కష్టపడి తయారుచేసింది ఎక్కడ చెడుతుందో వెతికి పట్టుకోవాలి. ఆ పనికి అంతకన్నా తగిన మనిషి దొరకడు. ఒక్కసారి నొక్కాల్సిన బటన్‌ని నలభైసార్లు నొక్కేవాడు. పేరు రాయాల్సిన చోట ఫోన్ నంబరు కొట్టేవాడు. డబ్బు కడుతూ కడుతూ మధ్యలో వెనక్కి వెళ్ళిపోయేవాడు. "జనం ఇలాగే చేస్తారు కదండీ" అని దబాయించేవాడు. జనం సంగతేమో గాని అతను మాత్రం అంతే. అతని కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పక్క టీముకి ఎవరైనా చుట్టంచూపుగా వస్తే అతన్ని అడక్కుండానే ఆ కుర్చీ లాక్కుపోయేవాళ్ళు. అతను నిలబడి పనిచేసేవాడు, నిలబడి తినేవాడు, మీటింగుల్లో గోడ పక్కన అటూ ఇటూ నడుస్తూ వినేవాడు. చూసేవాళ్ళకి మెడ నొప్పి.

నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగుల విభాగంలో షేర్ల పని నాది. కంపెనీ ఉద్యోగులకి ఇస్తానన్న స్టాక్ యూనిట్లు ఎవరికి ఎన్ని, ఎప్పుడు వెస్ట్ అవుతాయి, మనిషి వెళ్ళిపోతే ఎన్ని మిగులుతాయి, ఇవన్నీ నేనే చూస్తాను. వెస్ట్ అవడమంటే పెద్ద విద్యేమీ కాదు. ఆ రోజు వచ్చేదాకా యూనిట్ అంటే ఉత్త మాట. ఆ రోజు వచ్చాక అది మీ షేరు, అమ్ముకుంటారో దాచుకుంటారో మీ ఇష్టం. నన్ను షేర్ల అక్క అంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. రాదా మరి? చెప్పుల జత కొంటే ఎన్ని రోజుల్లో వెనక్కివ్వొచ్చో కళ్ళు చికిలించుకుని చదివే మనుషులు, షేర్ల ఒప్పందం మాత్రం కిందికి జరిపి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేస్తారు. ఆ తర్వాత వెళ్ళిపోయే ముందు రోజు నా బల్ల దగ్గరకొచ్చి నెత్తీనోరూ కొట్టుకుంటారు.

పిల్లి ఏ కంపెనీలోనూ రెండేళ్ళు ఉండలేదు. మాది ఐదోది. చదువు కూడా అలాగే, ఒక కోర్సు సగంలో వదిలి ఇంకోటి పట్టుకున్నాడు. ముందు కంపెనీలో అయితే పదకొండో నెలలో మానేశాడు. అక్కడా యూనిట్లు ఇస్తామన్నారు. అందరిలాగే వాళ్ళకీ మొదటి ఏడాది క్లిఫ్ ఉంది. ఏడాది నిండేదాకా ఒక్కటీ రాదు, నిండిన రోజున నాలుగో వంతు ఒక్కసారే వచ్చి పడుతుంది. పదకొండు నెలలకి పదకొండు భాగాలు రావు, సున్నా వస్తుంది. అతనికి వచ్చింది కూడా అదే. ఇంకొక్క నెల ఆగితే ఏం పోయేదని నేనడిగితే "ఏమోనక్కా, ఆ సోమవారం పొద్దున్న లేచేసరికి ఇంక అక్కడికి వెళ్ళబుద్ధి కాలేదు" అన్నాడు. అంత తేలిగ్గా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, నా డబ్బేదో పోయినట్టు.

అతనికంటే ఎక్కువ మండింది అతని భార్యకి. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఎముకలు విరిగినవాళ్ళకీ, పక్షవాతం వచ్చినవాళ్ళకీ మళ్ళీ నడక నేర్పే పని. రెండు ఆసుపత్రుల్లో వంతులవారీగా చేసేది. ఇక్కడ మంచం వాళ్ళది, అక్కడ గది వీళ్ళది, రోగికి నాలుగు అడుగులు వేయించేలోపు తర్వాతి వాళ్ళకి ఖాళీ చెయ్యమనేవాళ్ళు. సొంతంగా ఒక గది పెట్టుకోవాలని ఆవిడ కోరిక. మెట్లుండకూడదు, వీధిలోంచి నేరుగా వాలుదారి ఉండాలి, గోడ పొడవునా పట్టుకు నడిచే కమ్మీ బిగించుకోనివ్వాలి. పిల్లి మా కంపెనీలో చేరిన రోజు ఆవిడ ఒకటే అడిగిందట. "ఈసారి మాత్రం ఏడాది దాటేదాకా నా కోసం ఉండు." ఉన్నాడు. ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉన్నా, ఉన్నాడు.

అతనికిచ్చినవి తొమ్మిది వందల అరవై యూనిట్లు, నాలుగేళ్ళకి. ఏడాది నిండగానే రెండువందల నలభై వచ్చాయి. ఆ రోజు ఆఫీసంతా తిరిగి ప్రతివాళ్ళకీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, నీళ్ళ క్యాన్లు మార్చే మనిషితో సహా. ఆ తర్వాత మా కంపెనీలో మూడు నెలలకోసారి అరవై చొప్పున వస్తాయి. అంటే పద్దెనిమిది నెలలకి రెండు అరవైలు కలిపి మూడువందల అరవై. ఆవిడ ఆ మూడువందల అరవై మీదే లెక్క వేసుకుంది. మొదటిసారి పన్ను కింద కంపెనీ ఎన్ని పట్టుకుందో చూసి, ఈసారీ అంతే పోతుందని తీసేసి, చేతికొచ్చేది రాసుకుంది. ఆసుపత్రి వెనక వీధిలో ఒక ఫొటో స్టూడియో మూతపడింది. మెట్లు లేవు. అద్దెకిచ్చే ఇంటావిడ రిటైరైన టీచరు, నెలాఖరుకి అడ్వాన్సు ఇస్తే గది నీదే అంది. మూడువందల అరవై వస్తే అడ్వాన్సు పోను కమ్మీలకి కూడా సరిపోతుంది. మూడువందలే వస్తే అడ్వాన్సుకే చాలదు.

ఇదంతా పిల్లికి తెలుసు. తెలిసే పద్దెనిమిది నెలలు ఉందామనుకున్నాడు. అంతకుమించి ఒక్క పూట కూడా ఉండలేననుకున్నాడు. వేరే కంపెనీలో ఉద్యోగం చూసుకుని రాజీనామా ఇచ్చాడు. నోటీసు రెండు నెలలు, ఇరవై ఐదో తారీఖుతో పూర్తవుతుంది. కానీ పని అప్పగించడం నాలుగు వారాల్లోనే అయిపోయింది. పని లేని పిల్లిని ఊహించుకోండి. పక్కవాళ్ళ పనుల్లో వేలు పెట్టాడు, వంటగదిలో కప్పులన్నీ సైజుల వారీగా సర్దాడు, మేనేజరు గది ముందు రోజుకి పదిసార్లు తారట్లాడాడు. చివరికి మేనేజరే విసిగిపోయి "ముందే వెళ్ళిపోతావా?" అన్నాడు. అతను ఎగిరి గంతేశాడు. పదకొండో తారీఖుకి వదిలేస్తున్నట్టు కాగితం అయిపోయింది.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం నా బల్ల దగ్గరకొచ్చాడు. ఎప్పట్లాగే నిలబడి, బల్ల అంచు మీద వేళ్ళతో తాళం వేస్తూ.

"అక్కా, ఎల్లుండి వెళ్ళిపోతున్నా."

"ఎల్లుండా? నీకు ఇరవై ఐదు దాకా ఉంది కదా?"

"మేనేజరు వదిలేశాడక్కా. మంచివాడు. నేను ఆరో తారీఖున చేరాను, పద్దెనిమిది నెలలు మొన్నటికే అయిపోయాయి. మూడొందల అరవై. ఎప్పుడు అమ్ముకోవచ్చో చెప్పండి, వెళ్ళిపోతా."

నేను స్క్రీన్ మీద అతని వివరాలు తీశాను.

"మూడువందలే" అన్నాను.

వేళ్ళు ఆగాయి. "అదేంటి?"

"నువ్వు చేరింది ఆరున. కానీ నీ యూనిట్ల లెక్క ఆ నెల ఇరవై నుంచి మొదలైంది. నీకొక్కడికే కాదు, ఆ నెలలో చేరిన అందరికీ ఇరవయ్యే. రెండున చేరినవాడికీ ఇరవయ్యే, పంతొమ్మిదిన చేరినవాడికీ ఇరవయ్యే. ఒప్పందం మొదటి పేజీలో ఉంది. చదివావా?"

"చదివుంటా" అన్నాడు. చదవలేదని మా ఇద్దరికీ తెలుసు.

"కాబట్టి నీకు ఈ నెల ఇరవైకి పద్దెనిమిది నెలలు. ఆ రోజు నువ్వు ఉద్యోగంలో ఉంటే అరవై. లేకపోతే లేదు."

"తొమ్మిది రోజులక్కా! తొమ్మిది రోజులకి అరవై యూనిట్లు కోసేస్తారా? మా ఫ్రెండు వాళ్ళ కంపెనీలో నెలనెలా వస్తాయి."

"నెలనెలా వచ్చేదైతే నీకు పదిహేడు ఇరవైలు, మూడువందల నలభై వచ్చేవి. మనది మూడు నెలలకోసారి. మూడు నెలల కిందటి ఇరవైకి ఒక అరవై వచ్చింది. తర్వాతది ఇరవైకి. మధ్యలో వెళ్ళినవాడికి మధ్యలో లెక్కలేమీ ఉండవు."

"పోనీ ఇన్ని రోజులు చేశా కదా, ఆ రోజుల వరకైనా..."

"ఒక్క యూనిట్ కూడా రాదు."

అతను నడవడం మొదలుపెట్టాడు. నా బల్ల నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి బల్ల దాకా. అలా తిరుగుతున్న మనిషిని చూస్తుంటే నాకు తిట్టాలనీ ఉంది, జాలీ వేస్తోంది. తిట్టడమే ముందు వచ్చింది.

"ఇంట్లో చెప్పావా, పదకొండుకే వెళ్ళిపోతున్నానని?"

"లేదు. ఇరవై ఐదు అనే అనుకుంటోంది."

"మంచిది. కొంప ముంచేది చెప్పి ముంచకూడదు మరి."

అతను తలొంచుకున్నాడు. నేను లేచాను. పదకొండు ఇంకా రాలేదు కదా, వచ్చాక అయితే నేనూ చేసేదేమీ ఉండేది కాదు. ఇద్దరం మేనేజరు దగ్గరికి వెళ్ళాం. అతను వినీ వినకముందే చేతులెత్తేశాడు.

"అక్కా, వాడి సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశా. ల్యాప్‌టాప్ తీసేసుకున్నాం. వాడే కదా వెళ్ళిపోతా వెళ్ళిపోతా అని నా ప్రాణం తీసింది? ఇప్పుడు ఉంటానంటే ఎక్కడ పెట్టుకోను?"

"నోటీసు ఇరవై ఐదు దాకా అతనిదే కదా. ముందు వదలడం మీరిద్దరూ అనుకున్నది. ఇద్దరూ కాదనుకోవచ్చు."

మేనేజరు ముఖం మాడ్చుకుని పెద్దమేడం దగ్గరికి నడిచాడు, వెనక మేము. మా విభాగానికి ఆవిడే పెద్ద. తక్కువ మాట్లాడుతుంది. మొత్తం విని, ఇరవై దాకా ఉండనిమ్మంది. నేను ఇరవై ఒకటి అన్నాను. ఇరవైయే చివరి రోజైతే ఆ రోజు ఉన్నట్టా లేనట్టా అని రేపెవరో ఒకరు నా ప్రాణం తింటారు. ఒక రోజు అటుంటే ఎవరికీ నోరుండదు. ఆవిడ సరేనని మేనేజరు వైపు తిరిగింది. అతను షరతులు పెట్టాడు. రోజూ రావాలి, హాజరు వెయ్యాలి, సాయంత్రం దాకా ఉండాలి, ఇంట్లో కూర్చుని జీతం తీసుకుంటానంటే కుదరదు. టీము జోలికి రాకూడదు.

"సెలవు పెట్టుకోవచ్చా?" అని పిల్లి గొణిగాడు.

జీతంతో ఉండే సెలవులు అతనికి ఒక్కటీ మిగల్లేదు. అవి జనవరిలోనే అయిపోయాయి, ఎక్కడెక్కడో తిరిగి. జీతం లేని సెలవు పెడితే ఆ రోజుల్లో యూనిట్ల గడియారం ఆగిపోతుంది, ఇరవై కాస్తా అన్ని రోజులు ఆలస్యమవుతుంది. నేను ఆ సంగతి చెప్పాను. అంటే ఇంక దారి ఒక్కటే. రావడం, కూర్చోవడం.

మెట్ల పక్కన అద్దాల గది ఒకటుంది. నలుగురు పట్టే మీటింగు గది. బయటివాళ్ళందరికీ లోపలివాళ్ళు కనపడతారు కాబట్టి దాన్ని చేపల తొట్టి అనేవాళ్ళం. మర్నాడు పదో తారీఖు నుంచి పిల్లిని అందులో పెట్టారు. పిల్లిని చేపల తొట్టిలో పెట్టారని ఆఫీసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

మొదటి రోజు అతను బల్ల చుట్టూ నడిచాడు. గోడ మీద అగ్నిప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో రాసిన బోర్డు చదివి, అందులో బాణం గుర్తు తప్పు మెట్ల వైపు చూపిస్తోందని కనిపెట్టి నాకు మెసేజ్ పెట్టాడు. రెండో రోజు ఊగుతున్న బల్ల కాలు సరిచేశాడు. మూడో రోజు పుస్తకం తెచ్చుకున్నాడు, ఎన్నిసార్లు చూసినా అదే పేజీ. పని చేసుకునేవాడికి కూర్చోవడం ఒక బాధ. పని లేకుండా కూర్చోవడం ఇంకో బాధ. నలుగురూ చూస్తుండగా కూర్చోవడం ఉంది చూశారూ, దానికి నా దగ్గర మాట లేదు. మధ్యాహ్నాలు అతని మోకాలు బల్ల కింద ఆడుతూ ఉండేది, అద్దం సన్నగా అదురుతూ ఉండేది. ఆ చప్పుడు నా బల్ల దాకా వినిపించేది. నాకూ పని మీద మనసు నిలిచేది కాదు. ఏదో ఒక వంకతో లేచి అటు వెళ్ళి, ఉన్నాడో లేడో చూసి వచ్చేదాన్ని. సోమవారం పొద్దున్నయితే నేను వచ్చేసరికి గది ఖాళీ. ఫ్లోరంతా వెతికాను. అతను వంటగదిలో నీళ్ళు తాగుతున్నాడు.

ఆ సోమవారమే కొత్త కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. అతను వాళ్ళకి పన్నెండున వస్తానని చెప్పి, తర్వాత ఇరవై మూడు అన్నాడు. సరే చూద్దామన్నారట. ఇప్పుడు పని మొదలవుతోంది, రేపు వస్తే రా, లేకపోతే ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు అన్నారు.

పిల్లి నా దగ్గరకొచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా, ఏం చెయ్యమంటారు?"

"ఇవాళ వెళ్తే మూడువందలు. ఇరవై దాటితే మూడువందల అరవై. నాకు తెలిసింది అంతే."

"ఉద్యోగం పోతే అరవై యూనిట్లు ఏం చేసుకోను? ఉద్యోగానికి వెళ్తే గది పోతుంది."

"ఇది నేను చెప్పేది కాదు నాయనా. ఇంటికి ఫోన్ చెయ్యి."

అతను చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాడు. తర్వాత చేశాడు. గంటలో ఆవిడ వచ్చింది, ఆసుపత్రి యూనిఫాం మీదే, భుజాన సంచితో. సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. నన్ను చూసి "నమస్తే అక్కా" అని, భర్త వైపు తిరిగి "చెప్పు" అంది.

అతను నీళ్ళు నమిలాడు. ముందు కొత్త కంపెనీ సంగతి చెప్పాడు. తర్వాత పదకొండు సంగతి చెప్పాల్సొచ్చింది.

"అంటే నన్నడక్కుండానే వెళ్ళిపోదామనుకున్నావు" అంది ఆవిడ.

"పద్దెనిమిది నెలలు అయిపోయాయనుకున్నా. నిజంగానే అనుకున్నా."

"అయినా కాకపోయినా ఆ నాలుగు రోజులు కూడా ఉండలేకపోయావు. ఇంటావిడకి నేను మాటిచ్చాను. పేరు బోర్డు కూడా చెప్పేశాను. నీకు తెలుసు కదా?"

"తెలుసు."

ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. ఏడవలేదు. సంచి బల్ల మీద పెట్టి నన్నడిగింది. "అక్కా, ఇతను ఇవాళ వెళ్ళిపోతే ఆ మూడొందలు ఉంటాయా? వాటినీ లాగేసుకుంటారా?"

"లేదమ్మా. వెస్ట్ అయినవి అతనివే, ఎవరూ ముట్టుకోరు. ఇంకా కాని ఆరువందల అరవై మాత్రం కంపెనీకి వెనక్కి వెళ్ళిపోతాయి."

"ఇరవై దాటాక వెళ్తే?"

"ఆరువందలు వెనక్కి పోతాయి. అరవై మీకు వస్తాయి."

ఆవిడ అద్దాల గది వైపు చూసింది. లోపల ఒక కుర్చీ, పక్కన విప్పి బోర్లించిన పుస్తకం. ఎంతసేపు చూసిందో. మనుషుల కాళ్ళు చూసి వాళ్ళ బాధ చెప్పే పని కదా ఆవిడది, ఖాళీ కుర్చీలో కూడా ఏదో కనపడినట్టుంది.

"ఇన్నాళ్ళూ అందులో కూర్చున్నావా?" అంది.

"ఊఁ."

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా?"

"నాలుగో రోజు."

ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "వెళ్ళు. రేపు చేరిపో. నేను ఇంకో గది చూసుకుంటా. ఇవాళ కాకపోతే ఏడాదికి. నిన్నిట్లా కట్టేసి తెచ్చుకున్న గదిలో నాకు ఊపిరాడదు. కోపంతో అనట్లేదు, నిజంగానే చెప్తున్నా."

"మరి ఇంటావిడ..."

"నేను చెప్పుకుంటాలే. రెండింటికి ఒక పెద్దాయన వస్తాడు, తుంటి విరిగింది. నేను లేకపోతే లేవడు." వెళ్ళిపోయింది. నిజంగానే కోపం లేదు. కోపం ఉంటే నాకు ఇంత బరువుగా అనిపించేది కాదు.

అతన్ని ఆపేవాళ్ళు ఇంక ఎవరూ లేరు. పెద్దమేడం ఆపదు, మేనేజరు అయితే తలుపు తీసి పట్టుకుంటాడు. భార్యే వెళ్ళమంది. తలుపు పదడుగుల దూరంలో ఉంది. అతను తలుపు దాకా నడిచాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ నడిచాడు. నేను కంప్యూటర్ వైపు ముఖం పెట్టుకుని అతన్నే చూస్తున్నాను. అడిగి ఉంటే వెళ్ళమనే చెప్పేదాన్నేమో. ఉద్యోగం ఉద్యోగమే కదా.

అతను ఫోన్ తీశాడు. "రేపు రాలేనండీ. ఇరవై మూడున వస్తాను. అప్పటికి ఉంటే ఇవ్వండి, లేకపోతే మీ ఇష్టం" అన్నాడు. అవతల ఏదో అంటున్నారు. "ఇక్కడ చిన్న పనుంది. కూర్చోవాలి" అని పెట్టేశాడు.

తర్వాత అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. లెక్కలు చూసుకునే మనిషిని, కళ్ళు తుడుచుకుంటూ బాత్రూంలోకి పోయాను.

ఉన్నట్టుండి మారిపోయాడని కాదు. మోకాలు ఆడుతూనే ఉంది, అద్దం అదురుతూనే ఉంది. కానీ గది దాటి రాలేదు. ఉండిపోయిన సంగతి ఈసారి ఆ రాత్రే ఇంట్లో చెప్పాడట. నవ్వేవాళ్ళు నవ్వడం మానేశారు. బుధవారం మధ్యాహ్నం మేనేజరు తనే రెండు కప్పుల టీ పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు, మాట్లాడినట్టు కూడా లేదు. గురువారం కొత్త కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశామని. అతను అది నాకు చూపించాడు. "ఇప్పుడు నేను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదక్కా" అన్నాడు. నవ్వబోయాడు గాని కుదరలేదు. ఉద్యోగం పోయిన మనిషి ముఖమే అది, వేరే పేరు పెట్టలేను.

ఇరవై శనివారం పడింది. సెలవు రోజైనా వెస్ట్ అవడం ఆగదు, ఉద్యోగంలో ఉంటే చాలు. అయినా చివరి రోజు ఆదివారం పెట్టడం కుదరక సోమవారానికి జరిపారు. ఐడీ కార్డు ఆ రోజే తిరిగి ఇవ్వాలి. సోమవారం నేను వచ్చేసరికి అతను నా బల్ల దగ్గరున్నాడు. నేను సంచి కూడా దించకుండానే కంప్యూటర్ ఆన్ చేశాను. అతని పేజీ తెరిచాను. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇదిగో చూసుకో. మొత్తం మూడువందల అరవై."

"అరవై వచ్చాయా?"

"వచ్చాయి. పన్ను కింద పద్దెనిమిది పట్టుకున్నారు, నలభై రెండు నీ ఖాతాలో పడతాయి. రెండు రోజుల్లో అమ్ముకోవచ్చు."

"పద్దెనిమిది పోయాయా?"

"మీ ఆవిడ అది ముందే తీసేసింది. నీకన్నా ఆవిడే చదివింది ఆ కాగితం."

అతను పెద్దగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వు అది. తర్వాత ఆ పేజీని అలాగే చూస్తూ ఉండిపోయాడు. నేనూ తొందరపెట్టలేదు.

సాయంత్రం కార్డు ఇచ్చేసి, అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళాడు. ఆవిడ గేటు దగ్గరికి వచ్చింది. నెలాఖరు ఇంకా వారం ఉంది, గది ఎవరికీ పోలేదు, ఇద్దరూ స్టూడియో ఇంటావిడ దగ్గరికే వెళ్తున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. అరవై పడ్డాయని అతను చెబుతున్నట్టుంది. ఆవిడ చేత్తో నోరు మూసుకుంది, అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత బయల్దేరారు. అతనిది పరుగు లాంటి నడక, ఆవిడ భుజాన బరువైన సంచి. పది అంగల్లోనే అతను ముందుకెళ్ళిపోయాడు. ఇంక మలుపు తిరిగిపోతాడనుకుని నేను కిటికీ నుంచి రాబోయాను. మలుపు దగ్గర అతను ఆగాడు. వెనక్కి తిరిగి, ఆవిడ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.